ఫిజిక్స్ రివిజన్: మార్చి 30 నుంచి వెనక్కి

తమ్ముడూ, పరీక్ష మార్చి 30, సోమవారం. పాత పేపర్లు 5 తీసి టాపిక్ వారీగా మార్కులు లెక్కేశాను. సగటున 100కి మెకానిక్స్ 30, విద్యుత్తు-అయస్కాంతత్వం 30, కాంతి 20, ఉష్ణం 10, ఆధునిక భౌతికశాస్త్రం 10. చివరి వారం, ఒక ఖాళీ రోజు తీసేస్తే మిగిలేది 20 రోజులు. అంటే 5 మార్కులకు ఒక రోజు.

29: ఫార్ములాలు ఒక్కసారి చూసి, త్వరగా పడుకో.

28: తప్పుల నోట్‌బుక్ మాత్రమే.

23, 25, 27: గడియారం పెట్టుకుని పూర్తి పేపర్. 24, 26 తేదీల్లో వాటి తప్పులు దిద్దుకో. ఇందుకోసం మూడు పేపర్లు ముట్టుకోకుండా దాచిపెట్టు.

22: ఖాళీ. వెనకబడ్డది ఏదైనా ఉంటే ఈరోజే.

20–21: ఆధునిక భౌతికశాస్త్రం. ఫోటోఎలక్ట్రిక్ సమీకరణం తప్పకుండా.

18–19: ఉష్ణం.

14–17: కాంతి. రే డయాగ్రమ్ గీశాకే కటక సూత్రంలో గుర్తులు వెయ్యి.

8–13: విద్యుత్తు-అయస్కాంతత్వం. నువ్వు ఎక్కువ మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. మొదటి రెండు రోజులు కిర్కాఫ్ నియమాలకే. ప్రతి లూప్‌కీ బాణం గీసి, నిరోధం మీదుగా కరెంటు దిశలో వెళ్తే −IR, ఎదురుగా వెళ్తే +IR అని పక్కనే రాయి. తర్వాత కెపాసిటర్లు, ప్రేరణ.

2–7: మెకానిక్స్. మిగతా చాప్టర్లకు ఇదే ఆధారం కాబట్టి ముందు పెట్టాను. భ్రమణానికి రెండు రోజులు ఉంచు.

రోజూ రెండున్నర గంటలు: రెండు గంటలు ఆ రోజు టాపిక్, చివరి అరగంట అంతకుముందు ముగించిన టాపిక్ నుంచి రెండు లెక్కలు. ఒక టాపిక్ పూర్తి కాకపోతే పక్క టాపిక్ రోజుల్లోకి లాగకు, 22కి రాసిపెట్టుకో.