గది అద్దె పేరుతో తగ్గించిన క్లెయిమ్ మొత్తంపై అభ్యంతరం

తిరుపతి,
2025 జూలై 14.

గ్రీవెన్స్ అధికారి గారికి,
ఆరోగ్య బీమా విభాగం.

విషయం: మా అమ్మగారి మోకాలి మార్పిడి శస్త్రచికిత్స క్లెయిమ్‌లో తక్కువగా చెల్లించిన రూ. 69,750 ఇప్పించవలసిందిగా విన్నపం. పాలసీ సంఖ్య చివరి అంకెలు 4172.

అయ్యా,

2019 నుంచి ఒక్క ఏడాది కూడా తప్పకుండా రెన్యువల్ చేస్తూ వస్తున్న మా కుటుంబ పాలసీ కింద, 63 ఏళ్ల మా అమ్మగారికి తిరుపతిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కుడి మోకాలి మార్పిడి చేయించాము. జూన్ 9న చేర్చి, 13న డిశ్చార్జి చేయించుకున్నాము. బిల్లు మొత్తం రూ. 2,33,200 మేమే చెల్లించి, జూన్ 20న కాగితాలన్నీ మీకు పంపాము. జూలై 8న మా ఖాతాలో రూ. 1,43,750 మాత్రమే జమ అయింది.

మీ యాప్‌లో కనిపించిన సెటిల్‌మెంట్ వివరాల స్క్రీన్‌షాట్లు రెండింటిని ఆసుపత్రి బిల్లు పక్కన పెట్టుకుని, ఒక్కో పద్దు సరిచూశాను. పాలసీ ప్రకారం మాకు రోజుకు రూ. 5,000 గది అద్దె వర్తిస్తుంది. ఆ రోజు ఇద్దరుండే గదుల్లో మంచం ఖాళీ లేక, రోజుకు రూ. 8,000 గదిలో నాలుగు రోజులు ఉన్నాము. ఆ తేడా రూ. 12,000, చేతి తొడుగులు, అడ్మిషన్ కిట్ వంటి వాటికి రూ. 3,200 మీరు మినహాయించడం న్యాయమే. దానిపై నాకు అభ్యంతరం లేదు.

అభ్యంతరమల్లా ఆ తరువాతి కోత గురించే. రెండో స్క్రీన్‌షాట్‌లో మిగిలిన ప్రతి పద్దుకూ ఎదురుగా "Proportionate deduction" అని వేసి, రూ. 1,98,000లో 37.5 శాతం, అంటే రూ. 74,250 తగ్గించారు. అందులో కృత్రిమ కీలు రూ. 68,000, మందులు, సర్జికల్ సామగ్రి రూ. 31,400, రక్త పరీక్షలు, ఎక్స్‌రేలు రూ. 14,600 కూడా ఉన్నాయి. గది అద్దె మించినప్పుడు దామాషా కోత అనుబంధ వైద్య ఖర్చులకు మాత్రమే వర్తిస్తుందని, మందులు, వినియోగ సామగ్రి, ఇంప్లాంట్లు, వైద్య పరికరాలు, రోగనిర్ధారణ పరీక్షలు ఆ ఖర్చుల్లోకి రావని ఐఆర్‌డీఏఐ 2020 జూన్‌లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మీరు మాకిచ్చిన పాలసీ పత్రంలోని నిర్వచనాల్లోనూ ఇదే మాట ఉంది. ఆ పేజీని గుర్తు పెట్టి జతపరిచాను. అమ్మ మోకాలిలో అమర్చిన కీలు ఏ గదిలో పడుకున్నా అదే కీలు, అదే ధర. దాని స్టిక్కరు, ఇన్‌వాయిస్ రెండూ మీ దగ్గరే ఉన్నాయి. అయినా ఆ ఒక్క పద్దులోనే రూ. 25,500 పోయింది. మందుల్లో రూ. 11,775, పరీక్షల్లో రూ. 5,475 కలిపితే, నిబంధనకు విరుద్ధంగా ఆపినది రూ. 42,750.

ఇక సర్జన్, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటర్ చార్జీలు రూ. 72,000. గది తరగతిని బట్టి రేటు మార్చని ఆసుపత్రుల్లోగాని, అలా మారని ఖర్చులపైగాని దామాషా కోత వేయకూడదన్నది కూడా అదే నిబంధన. ఈ చార్జీలు జనరల్ వార్డుకైనా, ప్రత్యేక గదికైనా ఒక్కటేనని ఆసుపత్రి బిల్లింగ్ విభాగం ముద్ర వేసి ఇచ్చిన లేఖను ఇప్పుడు పంపుతున్నాను. కనుక ఇందులో తగ్గించిన రూ. 27,000 కూడా మాకు రావాలి. నర్సింగ్, డాక్టర్ విజిట్ల రూ. 12,000 మాత్రం గదిని బట్టి మారుతుందని ఆ లేఖలోనే ఉంది కాబట్టి, దానిపై మీరు తగ్గించిన రూ. 4,500ను నేను అడగడం లేదు.

ఈ లెక్కన మాకు రావలసినది రూ. 2,13,500; వచ్చినది రూ. 1,43,750, బాకీ రూ. 69,750. డిశ్చార్జి నాడు బిల్లు కట్టడానికి అమ్మ గాజులు బ్యాంకులో కుదువ పెట్టాము, ఆ వడ్డీ నేటికీ నడుస్తోంది. ఫిజియోథెరపీకి వారానికి మూడు సార్లు ఆటోలో తీసుకెళ్లవలసి వస్తోంది. ఇవి మీ లెక్కలోకి రావని తెలుసు, కానీ ఆలస్యమైతే మాకు ఎంత భారమో మీకు తెలియాలనే రాస్తున్నాను.

కావున ఈ క్లెయిమ్‌ను తిరిగి పరిశీలించి, బాకీ మొత్తాన్ని అదే ఖాతాలో జమ చేయవలసిందిగా కోరుతున్నాను. ఏ పద్దులోనైనా కోత సరైనదేనని మీరు భావిస్తే, పాలసీలోని ఏ నిబంధన ప్రకారమో పద్దులవారీగా రాతపూర్వకంగా తెలియజేయండి. "గది అద్దె అర్హత ప్రకారం" అన్న ఒక్క వాక్యం కాల్ సెంటర్‌లో మూడు సార్లు విన్నాను, అది నా ప్రశ్నకు జవాబు కాదు. 14 రోజుల్లో పరిష్కారం రాకపోతే బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, అవసరమైతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయాన్ని ఆశ్రయిస్తాను.

పద్దులవారీ బిల్లు, ఇంప్లాంట్ ఇన్‌వాయిస్ నకలు, రెండు స్క్రీన్‌షాట్లు, పాలసీ నిర్వచనాల పేజీ, ఆసుపత్రి లేఖ దీనితో జతపరిచాను.

ఇట్లు,
భవదీయుడు,
కె. మునిరత్నం,
పాలసీదారు.