రెండో త్రైమాసిక ఫలితాల తరువాత సేల్స్ బృందంతో ప్రాంతీయ మేనేజర్ ప్రసంగం

గుంటూరు ప్రాంతీయ కార్యాలయం, 6 అక్టోబరు 2025

సహచరులందరికీ నమస్కారం.

దసరా పండుగ ముగిసీ ముగియకముందే వినుకొండ నుంచి, తెనాలి నుంచి, నందిగామ, తిరువూరుల నుంచి తెల్లవారుజామునే బయలుదేరి సమయానికి ఇక్కడికి చేరుకున్న మీ అందరికీ ముందుగా నా ధన్యవాదాలు. ఈ సమావేశం ఎందుకు పెట్టానో మీకు తెలుసు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

జులై నుంచి సెప్టెంబరు వరకు పురుగుమందులు, సూక్ష్మ పోషకాల అమ్మకాలలో మన ప్రాంతానికి నిర్దేశించిన లక్ష్యం 14 కోట్ల రూపాయలు. మనం చేసిన అమ్మకం 9 కోట్ల 80 లక్షలు, అంటే 70 శాతం. పదకొండు టెరిటరీలలో లక్ష్యాన్ని అందుకున్నవి రెండు మాత్రమే. ఖరీఫ్‌లో ఇంత తక్కువ శాతం మన ప్రాంతం నమోదు చేయడం నేను ఇక్కడ పనిచేస్తున్న కాలంలో చూడలేదు. దీనివల్ల ఈసారి ఇన్సెంటివ్ చాలామంది చేతికి రాదు. దానిని నమ్ముకుని పిల్లల ఫీజులకో, ఇంటి వాయిదాలకో లెక్కలు వేసుకున్నవారు మీలో ఉన్నారని తెలిసే ఈ మాట చెబుతున్నాను. ఆ బాధను తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు.

కారణాలు మనకు తెలియనివి కావు. అన్నిటికంటే పెద్దది మిరప. క్వింటాలు 20 వేల రూపాయలు దాటి పలికిన రోజులను చూసిన రైతు, గత సీజన్‌లో యార్డుకు సరుకు తెచ్చి సగం ధరకు అటూఇటూగా అమ్ముకోవలసి వచ్చింది. ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించిందంటే ధర ఏ స్థాయికి పడిపోయిందో అర్థమవుతుంది. అప్పుడు అమ్మలేక కోల్డ్ స్టోరేజీలో పెట్టిన టిక్కీలు చాలా గ్రామాల రైతులకు ఇంకా అక్కడే ఉన్నాయి. ఆ సరుకు అమ్ముడైతే తప్ప మందుల దుకాణంలో పాత అరువు తీరదు, పాత అరువు తీరకుండా డీలరు కొత్త అరువు ఇవ్వడు, డీలరు దగ్గర డబ్బు తిరగకపోతే మనకు ఆర్డరు రాదు. ఈ దెబ్బతో మేడికొండూరు, క్రోసూరు, పెదకూరపాడు వైపు ఎందరో రైతులు మిరప తగ్గించి ఇతర పంటలకు వెళ్లారు. మన అమ్మకాలలో అధిక భాగం మిరప మీదే ఆధారపడి ఉన్నందున ఆ దెబ్బ మనకు నేరుగా తగిలింది.

రెండవది జీఎస్టీ మార్పు. సెప్టెంబరు 3న కౌన్సిల్ నిర్ణయం వెలువడింది, కొత్త రేట్లు 22 నుంచి అమలులోకి వచ్చాయి. సూక్ష్మ పోషకాల మీద పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గుతుందని తెలిశాక, మధ్యలో ఉన్న ఆ రోజుల్లో ఏ డీలరూ జింకు, బోరాన్ కొనలేదు. వారి స్థానంలో ఎవరున్నా అదే చేసేవారు. దీనికి తోడు ఆగస్టు, సెప్టెంబరులలో రైతులు యూరియా కోసం రోజుల తరబడి బారులు తీరారు. ఆ వేళ దుకాణంలో మన మాట వినే ఓపిక అటు డీలరుకూ లేదు, ఇటు రైతుకూ లేదు.

ఇవన్నీ నిజమే. ప్రధాన కార్యాలయానికి పంపిన నివేదికలో నేను ఇవన్నీ రాశాను కూడా. అయితే ఇదే ధరల మధ్య, ఇదే పన్ను మార్పు మధ్య, ఇదే యూరియా కొరత మధ్య సత్తెనపల్లి, తెనాలి టెరిటరీలు లక్ష్యాన్ని చేరుకున్నాయి. అక్కడ ఏం జరిగిందో గత వారం రోజులుగా నేను ఇన్వాయిస్‌లు ముందు పెట్టుకుని పరిశీలించాను. ఈ ఉదయం మీతో చెప్పదలచిన ముఖ్యమైన విషయం అందులోనే దొరికింది.

సత్తెనపల్లి టెరిటరీ చూస్తున్న మన సోదరి జులైలోనే తన గ్రామాలలో ఎవరు మిరప మానేస్తున్నారో, ఎవరు ఎన్ని ఎకరాలు ఉంచుకుంటున్నారో, మానేసినవారు ఏ పంట వేస్తున్నారో రైతు వారీగా రాసుకున్నారు. మిరప తగ్గిన చోట ఆమె పత్తి, మొక్కజొన్న రైతుల దగ్గరకు వెళ్లారు. డీలరు ముందు కూర్చుని సరుకు దించుకోమని ఒత్తిడి చేయడానికి బదులు, ఫలానా ఊరిలో ఫలానా రైతులకు ఈ పదిహేను రోజుల్లో ఈ మందు అవసరమవుతుందని కాగితం మీద చూపించారు. ఆ కాగితం చూశాక డీలరు సరుకు తీసుకోవడానికి వెనకాడలేదు, ఎందుకంటే అది తన గోదాములో నిలిచిపోదని ఆయనకు నమ్మకం కలిగింది. తెనాలి మిత్రుడు వరిలో చేసిన పని కూడా ఇటువంటిదే. సెప్టెంబరు 30న ఈ ఇద్దరి డీలర్ల దగ్గర మిగిలిన నిల్వ మన ప్రాంతం మొత్తం మీద అతి తక్కువ. నా దృష్టిలో లక్ష్యం చేరుకోవడం కంటే ఇది గొప్ప విషయం.

మిగిలిన టెరిటరీలలో చాలా చోట్ల త్రైమాసికం చివరి వారంలోనే మూడో వంతు బిల్లింగ్ జరిగింది. ఆ సరుకు రైతు చేనుకు చేరలేదు, డీలరు గోదాములో ఉంది. కొంత జనవరిలో మన దగ్గరకే తిరిగి వస్తుంది. వచ్చిన రోజున మీ పేరు మీద మైనస్ పడుతుంది, డీలరుతో మాట పోతుంది, గడువు తీరిన డబ్బాల తగాదా మిగులుతుంది. అందుకే ఈ త్రైమాసికంలో ఒక నియమం పెడుతున్నాను. నెలాఖరు వారంలో లక్ష్యం కోసం ఎవరూ డీలరు మీద సరుకు రుద్దవద్దు. మీ పనిని దుకాణంలోకి వెళ్లిన డబ్బాలతో కాక, దుకాణం నుంచి చేనుకు వెళ్లిన డబ్బాలతో కొలుస్తాను. ప్రతి శనివారం నాకు మీరు పంపవలసింది ఆ లెక్క ఒక్కటే. ఇంతవరకు అడుగుతున్న మిగతా మూడు వారపు నివేదికలను నేటి నుంచి రద్దు చేస్తున్నాను. వాటికి పట్టే సమయం రైతు దగ్గర గడపండి.

ఇప్పుడు రాబోయే మూడు నెలల గురించి. మిరప విస్తీర్ణం తగ్గిందన్న దిగులుతో మనం ఒక సంగతి మరిచిపోతున్నాం. మిరపకు అసలు కష్టకాలం ఇప్పుడే మొదలవుతోంది. ఆగస్టు, సెప్టెంబరులలో నాటిన తోట అక్టోబరులో కొమ్మలు వేసి, నవంబరులో పూతకు వస్తుంది. తామర పురుగు, నల్లి, కాయకుళ్లు, కొమ్మ ఎండు అన్నీ చుట్టుముట్టేది అప్పుడే. ఈ ఏడాది కూడా మిరప వేసిన రైతు, అందరూ వెనక్కి తగ్గిన వేళ ధైర్యం చేసిన రైతు. అతనికి ఒక్క ఎకరం పోయినా తట్టుకునే శక్తి లేదు. మన అవసరం అతనికి ఎన్నడూ లేనంతగా ఉంది.

ఇక్కడ నేను ఎంతో పట్టుదలగా ఉన్న విషయం ఒకటుంది. 2021-22 సీజన్‌లో నల్ల తామర పురుగు మన మిరప తోటల మీద విరుచుకుపడిన రోజులు మీలో పాతవారికి గుర్తుండే ఉంటాయి. దుకాణంలో ఏది ఇస్తే అది, రెండు మూడు మందులు కలిపి, రోజు విడిచి రోజు కొట్టారు. పురుగు పూలలో దాగి ఉంది, మందులు ఆకుల మీద పడ్డాయి, మేలు చేసే పురుగులు మాత్రం ముందు చనిపోయాయి. రైతు పెట్టుబడి పెరిగింది, పంట దక్కలేదు. అలాంటి వేళ అమ్మకాలు పెరగడాన్ని నేను విజయంగా లెక్కించను. కాబట్టి తోటకు వెళ్లినప్పుడు ముందు పూలు దులిపి చూడండి. ఆకు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి అన్న తేడా రైతుకు చేనులోనే చూపించండి. నీలి రంగు జిగురు అట్టలు పెట్టించండి. మందు అవసరం ఉంటే ఒకే రకం మందును వరుసగా కొట్టవద్దని, మార్చి మార్చి వాడమని చెప్పండి. అవసరం లేకపోతే, ఈ వారం ఏ మందూ వద్దని ధైర్యంగా చెప్పండి. అలా చెప్పినందువల్ల ఎవరి లక్ష్యమైనా తగ్గితే నా దగ్గరకు రండి, ఆ జవాబుదారీ నాది. సందేహం ఉన్నచోట ఊహించి చెప్పవద్దు. లాం పరిశోధనా స్థానం మనకు కూతవేటు దూరంలో ఉంది, అక్కడి శాస్త్రవేత్తల సిఫారసు తెలుసుకుని చెప్పండి.

లేబుల్ సరిగా లేని బయో మందులు ఎక్కువ మార్జిన్ ఆశచూపి దుకాణాలలో చోటు సంపాదిస్తున్నాయని మీరందరూ అంటున్నారు. ఆ మార్జిన్‌తో మనం పోటీ పడలేము, పడవలసిన అవసరమూ లేదు. అందులో ఏ మందు ఉందో తెలియని సీసా వాడి పంట పోతే, రైతు ముందుగా వచ్చి నిలదీసేది ఆ డీలరునే. ఈ మాటను తగాదా ధోరణిలో కాక, ఆయన మేలు కోరేవారిగా ఆయనకు వివరించండి.

కృష్ణా డెల్టాలో వరి కోతలు మొదలయ్యే నాటికి మినుము సిద్ధంగా ఉండాలి. నిలబడి ఉన్న వరిలోనే, కోతకు రెండు మూడు రోజుల ముందు విత్తనం చల్లుతారు కాబట్టి, విత్తనశుద్ధి గురించి చెప్పడానికి మనకు దొరికే వ్యవధి చాలా తక్కువ. తెల్లదోమ వల్ల పల్లాకు తెగులు వచ్చాక వెళ్లి ప్రయోజనం లేదు. తెనాలి, రేపల్లె, గుడివాడ వైపు పనిచేసేవారు నవంబరు మొదటి వారానికల్లా గ్రామ సమావేశాలు పూర్తి చేయండి.

వసూళ్ల విషయం క్లుప్తంగా చెబుతాను. తొంభై రోజులు దాటిన బకాయి 2 కోట్ల 60 లక్షలు ఉంది. డీలరును నలుగురిలో నిలదీయవద్దు, ఫోన్లలో బెదిరించవద్దు. కోల్డ్ స్టోరేజీ సరుకు ఎప్పుడు అమ్ముడవుతుందో అడిగి, దానిని బట్టి వాయిదాలు రాసుకోండి. ఇచ్చిన మాట ప్రకారం కడుతున్నవారికి కొత్త సరుకు ఆపకుండా చూసే బాధ్యత నేను తీసుకుంటాను.

ఈ త్రైమాసికానికి ప్రధాన కార్యాలయం 13 కోట్లు అడిగింది. తగ్గిన మిరప విస్తీర్ణం టెరిటరీల వారీగా చూపించి 11 కోట్ల 50 లక్షలకు ఒప్పించాను. ఇది తేలిక లక్ష్యం కాదు, కానీ సత్తెనపల్లి పద్ధతిలో పని చేస్తే అందుకోగల లక్ష్యమని మీ టెరిటరీల లెక్కలు చూశాకే ఒప్పుకున్నాను. మీలో చేతకాని వారు ఎవరూ లేరు. ఆగస్టు వానల్లో బురద దారులలో బైకు నడుపుకుంటూ తోటలకు వెళ్లినవారు మీరు, డీలరు విసుక్కున్నా మరునాడు మళ్లీ వెళ్లి నమస్కారం పెట్టినవారు మీరు. మీ శ్రమలో లోటు లేదు. ఆ శ్రమ దుకాణం గుమ్మం దగ్గర ఆగిపోకుండా చేను గట్టు వరకు వెళ్లాలన్నదే నా కోరిక.

నా వంతుగా, ప్రతి వారం మూడు రోజులు నేను మీతోపాటు క్షేత్రంలో ఉంటాను. తనిఖీ కోసం రాను, మీ పక్కన నిలబడి రైతుతో మాట్లాడటానికి వస్తాను. రేపు వినుకొండ, ఎల్లుండి నందిగామ. ఆ తరువాతి వారం ఎవరికి నా అవసరం ఎక్కువగా ఉందో భోజన విరామంలో చెప్పండి. అంతకుముందు సత్తెనపల్లి సోదరి తాను రాసుకున్న రైతుల పుస్తకాన్ని, అందులోని వరుసలను మీకు వివరిస్తారు. అందరూ నోటుపుస్తకాలు తీసుకోండి, ఏ ప్రశ్న ఉన్నా మొహమాటపడకుండా ఆమెను అడగండి.