చెంబు

విశాఖపట్నం మీద జపాను వాళ్ళు బాంబులు వేసిన పదిరోజులకి మా చిన్నాన్న ఇల్లు చేరాడు. 1942 ఏప్రిల్. పట్నం ఖాళీ చేసి బళ్ళ మీద వస్తున్న జనంలో ఎవడో అనుకుని నాయనమ్మ అరుగు మీద కూర్చోమంది. కన్నకొడుకే. ఆమె కళ్ళకి శుక్లాలు. నాకు తొమ్మిదేళ్ళు, కళ్ళు బాగానే ఉన్నాయి, నేనూ పోల్చుకోలేదు.

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. అతని ముఖం చూడలేదు. వెనక వీధి చివరిదాకా చూసింది.

నాన్న, చిన్నాన్న ఇద్దరూ రంగంలో ఉండేవారు. రంగూన్‌ని మావైపు అలాగే అంటారు. ఓడరేవులో బియ్యం బస్తాలు మోసేవారు. నాన్న వెళ్ళేటప్పుడు నాయనమ్మ ఒక ఇత్తడి చెంబు కొని, కంచరి చేత నాన్న పేరు కొట్టించి ఇచ్చింది. ఆమెకి చదువు రాదు. ఆ అక్షరాల మీద వేలు పెట్టి రాస్తూ, ఇదే నా కొడుకు పేరా అని రెండుసార్లు అడిగిందట.

చిన్నాన్న ముద్ద ముద్దకీ ఆగుతూ చెప్పాడు. డిసెంబరు 23న రంగం మీద మొదటి బాంబులు. విమానాలు ఎంత పైన ఎగురుతున్నాయో చూద్దామని జనం వీధుల్లోకి వచ్చి నిలబడ్డారు, అక్కడే పోయారు. కూలివాళ్ళకి స్టీమరు టికెట్టు ఎక్కడ దొరుకుతుంది? ప్రోమ్ దాకా వెళ్ళి, అక్కణ్ణించి టాంగప్ కొండదారి పట్టారు. దారి పొడుగునా కలరా. నీళ్ళున్న చోట శవాలు, శవాలు లేని చోట నీళ్ళు లేవు.

"మూడోరోజు అన్నకి పట్టుకుంది వదినా. పొద్దుగూకేదాకా పక్కనే కూచున్నాను. మనవాళ్ళంతా లేచిపోతున్నారు. నువ్వెళ్ళు అన్నాడు."

"పోయాడా?" అంది అమ్మ.

"నేను లేచేసరికి ఊపిరుంది."

నాయనమ్మ దండం పెట్టింది. ఊపిరుంటే వస్తాడు అంది. ఆ ఒక్క మాటతో అమ్మ గాజులు నిలిచిపోయాయి. తర్వాత పురోహితుడు తిథి అడిగితే చెప్పడానికి మా దగ్గర ఏమీ లేకపోయింది. పేరంటాలకి పిలవాలో వద్దో ఊళ్ళో ఆడవాళ్ళకీ తెలియలేదు. కొందరు పిలిచేవారు, పిలిచి బొట్టు పెట్టే వేళకి పక్కకి చూసేవారు. యుద్ధం మా ఊరికి వచ్చింది ఇలాగే. మరో బాంబు పడిన చప్పుడు మేమెవరం వినలేదు.

చిన్నాన్న రొండిన కట్టుకున్న సంచి విప్పాడు. నలభై రెండు రూపాయలు. నాన్నవి. అమ్మ లెక్కపెట్టి కొంగున ముడేసుకుంది. ఒకటే అడిగింది.

"దగ్గర నీళ్ళు పెట్టావా?"

"పెట్టాను. చెంబు నిండా పెట్టి, చెయ్యి అందేలా ఉంచాను."

ఆ రాత్రి అతని మూట ఉతుకుదామని అమ్మ పెరట్లోకి తీసుకెళ్ళింది. నేను దీపం పట్టుకున్నాను. చిరిగిన దుప్పటి మడతలో చెంబు ఉంది. మసిబారి, అంచు సొట్టపడి. అమ్మ చింతపండు తెచ్చి తోమింది. పేరు తేలింది. నాకు అప్పుడే అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు. చదవబోతే నోటి మీద చెయ్యి పెట్టింది. తడి చెయ్యి, పులుపు వాసన.

అతన్ని నిలదీస్తుందనుకున్నాను. ఇప్పుడు ఈ వయసులో ఆలోచిస్తే, నిలదీసి ఏం చేసేది? అరెకరం మడి, ముగ్గురు పిల్లలు, చూపు తగ్గుతున్న అత్త. ఇంటికి ఒక్కడే మగాడు మిగిలాడు. అతను కూడా ఎక్కడో ఆ కొండల్లో దాహంతో నడిచే ఉంటాడు. ఇవన్నీ అమ్మ అనలేదు. నేను అనుకుంటున్నాను.

గురువారం సంతలో కంచరి దగ్గర చెంబు పెట్టింది.

"ఈ పేరు చెరిపెయ్యి."

"ఎవరిదమ్మా?"

"పాతది. కొన్నాను."

అతను ఆకురాయితో అరగంట సేపు రాశాడు. అణా ఇచ్చింది.

రాత్రి చిన్నాన్న కంచం పక్కన ఆ చెంబుతో నీళ్ళు పెట్టింది. అతను అన్నం కలుపుతూ చూశాడు. చెయ్యి ఆగింది. చెంబుని తిప్పి చూశాడు, పేరుండాల్సిన చోట పచ్చగా మెరుస్తోంది. అమ్మ ముఖం వైపు చూడకుండా, ఎత్తి గుటగుటా తాగేశాడు.

తాగిన చెంబుని నాయనమ్మ తడుముకుని అందుకుంది. అలవాటుగా వేలితో చుట్టూ రాసింది.

"నున్నగా ఉందే. కొత్తదా?"

"సంతలో కొన్నానత్తా," అంది అమ్మ. "ఇంకొంచెం అన్నం పెట్టమంటావా, మరిదీ?"