అతిథి పరిచయం: వసంత (పాత డీటీపీ ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే ఎపిసోడ్ కోసం)

కిరణ్ గారికి నమస్కారం.

ఎపిసోడ్ విషయం «పాత పత్రికలు వెతికితే దొరకాలి» అని రాశారు కాబట్టి, మామూలుగా పంపే బయోలోని పుస్తకాల జాబితా, సభల వివరాలు తీసేశాను. మొదటి భాగం మీరు మైకు ముందు చదవడానికి. మిగతాది మీరు ప్రశ్నలు సిద్ధం చేసుకోవడానికి. అందులో ఏ వాక్యమైనా చదివేయవచ్చు.

మైకు ముందు చదవడానికి

«ఈ రోజు మనతో ఉన్నది వసంత గారు. 1997లో తెనాలిలో డీటీపీ ఆపరేటరుగా పని మొదలుపెట్టి, పేజ్‌మేకర్‌లో పత్రికలు, పాఠ్యపుస్తకాలు, పెళ్లి శుభలేఖలు కూర్చారు. పదేళ్లుగా హైదరాబాద్‌లో ఉంటూ, ఆ కాలంనాటి ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చి, అచ్చు ప్రతితో సరిచూసి, వెతకడానికి వీలుగా తయారు చేస్తున్నారు. కంటికి తెలుగులా కనిపించినంత మాత్రాన కంప్యూటరుకు అది తెలుగు కాదని వారు అంటారు. ఆ తేడా ఏమిటో, దాన్ని ఎలా సరిచేయాలో ఈ రోజు వివరంగా చెబుతారు.»

చదివితే సుమారు అర నిమిషం. «ఫాంట్ల నిపుణురాలు» అని మాత్రం చేర్చకండి. ఫాంటు గీయడం వేరే విద్య, నాది ఆ పని కాదు.

ఈ విషయంలో నేను చెప్పగలిగింది

యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన చోటు U+0C00 నుంచి U+0C7F వరకు, అంటే 128 గళ్లు. ప్రతి అక్షరానికి, ప్రతి గుణింతపు గుర్తుకు ఒక గడి. పాత డీటీపీ ఫాంట్లలో ఈ ఏర్పాటు లేదు. ఇంగ్లీషు అక్షరాలు ఉండే సంకేతాల మీదే తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు: తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, క్రావడి ఒక ముక్క. ఆపరేటరు ఆ ముక్కలను పక్కపక్కన పేర్చితే అచ్చులో అక్షరం కనపడేది. ఫాంటు తీసేస్తే మిగిలేది ఇంగ్లీషు అక్షరాలు, విరామచిహ్నాల గందరగోళమే. ఫైలు పాడైందని చాలామంది అనుకునేది దీన్ని చూసే. ఫైలు పాడవలేదు, దాన్ని చదివే తాళంచెవి ఆ ఫాంటు.

అందుకే మార్పిడిలో మొదటి పని ఏ ఫాంటు, ఏ వెర్షను అన్నది తేల్చుకోవడం. ఒకే కంపెనీ ఫాంట్లయినా ఏ సంకేతం ఏ తెలుగు ముక్కో చెప్పే పట్టిక అన్నింటికీ ఒకటే సరిపోతుందని నమ్మకూడదు. ఒక పేజీ మార్చి చూసుకున్నాకే మిగతావి ముట్టుకోవాలి.

రెండోది, పేజ్‌మేకర్ నుంచి పాఠాన్ని బయటికి తీసే పద్ధతి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. సాదా టెక్స్టుగా తీస్తే ఫాంటు సమాచారం పోతుంది. వ్యాసం మధ్యలో నిజంగా ఇంగ్లీషులో ఉన్న మాట ఏదో, తెలుగు ముక్కల సంకేతం ఏదో ఇక తెలియదు; మార్పిడి సాధనం రెండింటినీ తెలుగు చేసేస్తుంది. కంపెనీ పేర్లు, ఈమెయిలు చిరునామాలు అర్థంలేని అక్షరాల గుంపుగా మారేది ఇలాగే. ఆర్‌టీఎఫ్‌గా తీస్తే ఏ ముక్క ఏ ఫాంటులో ఉందో నిలుస్తుంది, తెలుగు ఫాంటులో ఉన్నదాన్ని మాత్రమే మార్చవచ్చు.

శ్రోతలకు బాగా పట్టే తప్పులు

మీ కార్యక్రమం వినడానికే గనుక తెర మీద చూపించే వీలు లేదు. దీనికి మన పలకా బలపం నాటి మాటలే సరిపోతాయి. తలకట్టు, గుడి, కొమ్ము, ఎత్వం, ఒత్వం, పొల్లు, వత్తు, క్రావడి అంటే తెలుగు బడిలో చదువుకున్నవాళ్ల కళ్ల ముందు ఆ రూపం కదులుతుంది. నేను ఈ పేర్లతోనే మాట్లాడతాను. కోడ్ నంబర్లు మీ షో నోట్స్‌కి వదిలేద్దాం.

మొదటి ఉదాహరణగా «మొదలు» తీసుకోమని నా కోరిక. చేతిరాతలో, అచ్చులో «మొ» రాసేటప్పుడు మకు ఎత్వమిచ్చి పక్కన కొమ్ము పెట్టినట్టే ఉంటుంది. పాత ఫైలులో ఉన్నవి కూడా ఆ రెండు ముక్కలే. మార్పిడిలో అవి ఎత్వంగా ఒకటి, కొమ్ముగా ఒకటి దిగితే వచ్చేది «మెుదలు». చాలా ఫాంట్లలో ఇది సరైనదానికి ఎంత దగ్గరగా కనిపిస్తుందంటే ప్రూఫ్ చదివేవాళ్లు కూడా దాటిపోతారు. కానీ వెతుకులాట పెట్టెలో సరిగ్గా «మొదలు» అని కొడితే ఆ పేజీ రాదు. చూపులేని పాఠకుడు స్క్రీన్ రీడర్‌తో వింటే ఆ మాట మాటలా వినిపించదు. «యెుక్క», «హెూటల్», «మెూసం» అన్నీ ఇదే జాతి. ఈ తప్పు పాత ఫైళ్లకే పరిమితం కాదు, ఫోనులో అక్షరం ఆకారం చూసి టైపు చేసేవాళ్లూ రోజూ చేస్తున్నారు. యూనికోడ్‌లో ఒత్వానికి సొంత సంకేతం ఉంది, ఓత్వానికీ ఉంది. ఎత్వం, కొమ్ము కలిసినంత మాత్రాన ఒత్వం అయినట్టు యూనికోడ్ లెక్కించదు కాబట్టి, ఒకే అక్షరపు వేర్వేరు వరసలను ఒకే రూపంలోకి తెచ్చే నార్మలైజేషన్ చేసినా ఇది సరికాదు, విడిగా మార్చాల్సిందే. ఐత్వం సంగతి వేరు: U+0C46, U+0C56 రెండూ కలిపి రాసినా నార్మలైజేషన్ దాన్ని U+0C48గా చేస్తుంది.

షో నోట్స్‌లో పెట్టడానికి రెండు వరసలు:

```python
t = t.replace("\u0C46\u0C41", "\u0C4A")
t = t.replace("\u0C46\u0C42", "\u0C4B")
```

మొదటిది ఒత్వానికి, రెండోది ఓత్వానికి. తెలుగులో ఎత్వం వెంటనే కొమ్ము రావడమనేది లేదు కనుక దీన్ని ఫైలంతటికీ భయం లేకుండా నడపవచ్చు.

రెండో ఉదాహరణ క్రావడి. «ప్ర»లో రావత్తు పను ఎడమ నుంచి చుట్టుకుని ఉంటుంది. కొన్ని ఫాంట్లలో ఆ ముక్కను పకు ముందే కొట్టేవారు. యూనికోడ్‌లో వరస ఎప్పుడూ ప, పొల్లు, ర. సాధనం ఈ వరస తిప్పకపోతే «ప్రభుత్వం» కాస్తా «్రపభుత్వం» అవుతుంది. ఇంటర్నెట్‌లో ఈ రూపం చూడని తెలుగువాడు ఉండడు. దీని తోబుట్టువు «శకి్త». పాత ఫైలులో క, గుడి, తావత్తు అనే వరసలో ఉన్నదాన్ని క, పొల్లు, త, గుడి అని మార్చి రాయాలి. పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన తెలుగు చెదిరిపోవడానికీ కారణం చాలాసార్లు ఇదే: అందులో దాచింది గీసిన వరస, పలికే వరస కాదు.

మూడోది మీరే అడిగిన ఐఫోన్ సంగతి. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం వస్తే ఐఫోన్‌లో యాప్‌లు మూతపడ్డాయి. ఆ వరస జ, పొల్లు, ఞ, జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని గుర్తు, దీర్ఘం. అదే నెలలో ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. దీన్ని «తెలుగు లిపి కష్టం» అనే వైపు తీసుకెళ్లవద్దని మనవి. లిపిలో లోపం లేదు, దాన్ని తెర మీద గీసే సాఫ్ట్‌వేర్‌లో ఉంది. అయితే ఆ కనపడని గుర్తు గురించి మాట్లాడుకోవడానికి ఇది మంచి దారి. «సాఫ్ట్‌వేర్» అన్నప్పుడు టకారపు పొల్లు తర్వాత ఆ గుర్తు పెడితేనే ట, వ విడివిడిగా నిలుస్తాయి. పెట్టకపోతే «సాఫ్ట్వేర్» అని టకు వావత్తు పడుతుంది. ఒక వ్యాసంలో గుర్తు ఉండి, మరోదాంట్లో లేకపోతే వెతికినప్పుడు సగమే దొరుకుతాయి. కాబట్టి పాఠంలో ఉంచి, వెతికే సూచికలో మాత్రం తీసేయడం నేను పాటించే పద్ధతి.

మరికొన్ని క్లుప్తంగా. సున్న బదులు అంకె 0 గానీ ఇంగ్లీషు o గానీ. విసర్గ బదులు కోలన్. వరస చివర ఆపరేటరు చేత్తో పెట్టిన హైఫన్లు, మార్చాక పేజీ వెడల్పు మారి మాట నడుమ మిగిలిపోతాయి. నకారపొల్లుకు 2021లో యూనికోడ్ 14తో U+0C5D వచ్చింది. పాత పుస్తకాలను ఉన్నదున్నట్టు దించేవాళ్లకు ఇది పెద్ద ఊరట, అయితే వాడబోయే ఫాంటులో ఆ అక్షరం ఉందో లేదో ముందు చూసుకోవాలి.

నేను గట్టిగా పట్టుబట్టే విషయం

సాధనం నడిపితే పని అయిపోయిందనుకోకూడదు. పనిలో పెద్ద భాగం ఆ తర్వాతే ఉంది. తొలి 10 పేజీలను అచ్చు ప్రతి పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూడాలి. ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు తెర మీద చూడాలి. ఆ 10 పేజీల్లో దొరికిన తప్పులతో ఒక జాబితా తయారవుతుంది. దాన్ని మొత్తానికి నడిపి, మళ్లీ ఎక్కడెక్కడివో కొన్ని పేజీలు తీసి చూడాలి. మార్చిన ఫైలు వచ్చింది కదా అని అసలు పేజ్‌మేకర్ ఫైలును, ఫాంట్లను పారేయకూడదు. రేపు పట్టికలో ఒక తప్పు తేలితే తిరిగి వెళ్లడానికి అవే ఆధారం.

ఫైళ్లు పోయి అచ్చు ప్రతి మాత్రమే మిగిలినచోట స్కాన్ చేసి, బొమ్మలోంచి అక్షరాలను గుర్తించే ఓసీఆర్ చేయాలి. అక్కడి తప్పులు వేరు. ధ, ఫ, భల కింది చిన్న గీత మసకబారి ద, ప, బలుగా మారుతుంది. వు, మ ఒకదాని చోట ఒకటి వస్తాయి. ఈ రెండు దారులనూ మాటల్లో కలిపేయకుండా విడిగా అడిగితే శ్రోతలకు తేలిక.

మార్చిన పాఠాన్ని ఇన్‌డిజైన్‌లో పెట్టి వత్తులు విడిపోయాయని వాపోయేవాళ్లు చాలామంది. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో Adobe World-Ready Paragraph Composer ఎంచుకుంటే చాలావరకు కుదురుతుంది. శ్రోతల ప్రశ్నల్లో ఇది తప్పకుండా వస్తుంది.

అడగవద్దని కోరేవి

ఏ ప్రెస్సు, ఏ పత్రిక ఫైళ్లు నా దగ్గరికి వచ్చాయన్నది చెప్పను. అవి వాళ్ల ఆస్తి. పాత రచనల కాపీరైటు గురించి న్యాయసలహా ఇవ్వలేను. పాత ఫాంట్ల తయారీదారులను తప్పుపట్టే ప్రశ్నలు కూడా వద్దు. వాళ్లు ఉన్న 256 సంకేతాల్లోనే తెలుగును అచ్చుకెక్కించారు, దానివల్లే ఆ పత్రికలన్నీ బయటికి వచ్చాయి.

రికార్డింగుకు

సాయంత్రం 6 తర్వాత ఏ రోజైనా వీలే. హెడ్‌సెట్ మైకు ఉంది, గది నిశ్శబ్దంగా ఉంటుంది. «మెుదలు», «మొదలు» రెండూ ఉన్న చిన్న టెక్స్టు ఫైలు ముందురోజు పంపుతాను. రికార్డింగులో మీరే అందులో «మొదలు» అని వెతికి, ఎన్ని దొరికాయో పైకి లెక్కపెట్టండి. ఫైలులో ఆ మాట నాలుగుచోట్ల ఉంటుంది, మీకు రెండే దొరుకుతాయి.

ఉంటాను,
వసంత