పూతరేకుల షాపు వీడియో గురించి

రమేష్ గారికి, నమస్కారం.

ఫోన్లో అనుకున్నట్టు వివరాలు రాస్తున్నాను. సంక్రాంతి ఆర్డర్ల కోసం 45 సెకన్ల నిలువు వీడియో కావాలి. ఇన్‌స్టాలోనూ, వాట్సాప్ స్టేటస్‌లోనూ పెడతాం.

మా అబ్బాయి ఫోన్లో తీసిన 22 క్లిప్పులు డ్రైవ్‌లో ఉన్నాయి. మొదటి షాట్ మాత్రం కుండదే ఉండాలి. బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ పరిచి లాగగానే రేకు తేలుతుంది చూడండి, అక్కడ కొంచెం స్లో చేయండి. రేకు లేపేటప్పుడు వచ్చే చిన్న చప్పుడు తీసేయొద్దు, దాని మీద పాట వద్దు. పొగ కనిపించినా పర్లేదు, కొబ్బరాకుల మంట కదా! రంగులు మరీ పెంచితే రేకు పసుపుగా కనబడుతుంది, అది మాత్రం వద్దు. చివర్లో బెల్లం పూతరేకు విరిచే షాట్, షాపు పేరు, ఫోన్ నంబరు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు వచ్చిందని ఒక్క లైను వేయండి.

పోయినేడు ఒకాయన సినిమా పాట పెట్టిస్తే పండగ వారంలోనే సౌండ్ మ్యూట్ అయిపోయింది. అందుకే కాపీరైట్ లేని మ్యూజిక్కే వాడండి.

మొత్తం 6,000 ఇవ్వగలను, రెండుసార్లు మార్పులతో కలిపి. 2,000 ఈరోజే ఫోన్‌పే చేస్తాను. డిసెంబరు 20కి మొదటి కాపీ, 27కి ఫైనల్ కావాలి. ఆ తర్వాతయితే కొరియర్లకు టైం చాలదండి.

కుదురుతుందో లేదో రేపటిలోగా చెప్పండి.

ఇట్లు,
సత్యవతి, ఆత్రేయపురం