4వ తరగతి విహారయాత్ర: వసూలైన మొత్తం రూ. 22,700

పెరంబూరు, చెన్నై
2 ఫిబ్రవరి 2026, సోమవారం

4వ తరగతి ఏ సెక్షన్ పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

వచ్చే శనివారం, ఫిబ్రవరి 7న, మన పిల్లలను ఎగ్మూరు మ్యూజియానికీ కోట్టూరుపురంలోని బిర్లా ప్లానెటోరియానికీ తీసుకెళ్తున్నాం. అందుకోసం మీరు కట్టిన డబ్బు వసూలు మొన్న శుక్రవారంతో ముగిసింది. మొత్తం వచ్చింది 22,700 రూపాయలు. అక్షరాలా ఇరవై రెండు వేల ఏడు వందలు. ఇందులో చేతికి ఇచ్చినది 8,050, ఫోన్‌లో స్కూలు ఖాతాకు పంపినది 14,650.

శుక్రవారం సాయంత్రం వాట్సాప్ గ్రూపులో నేను 22,050 అని పెట్టాను. అది తప్పు. ఒక అబ్బాయి ఫీజు వాళ్ల తాతగారు తన ఫోన్ నుంచి పంపారు. అందులో పిల్లవాడి పేరు లేకపోవడంతో ఆ 650 ఎవరిదో నాకు అర్థం కాలేదు, లెక్కలో కలపలేదు. పైగా ఆ అబ్బాయి డైరీలో ‘ఫీజు ఇంకా అందలేదు’ అని రాసి పంపాను. శనివారం ఆఫీసులో కూర్చుని బ్యాంకు ఎంట్రీలన్నీ ఒక్కొక్కటిగా సరిచూసినప్పుడు విషయం తెలిసింది. ఆ ఇంటివారికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. డైరీలో రాసింది మీరందరూ చూసే మాట కాకపోయినా, గ్రూపులో తప్పు లెక్క పెట్టింది అందరి ముందూ కాబట్టి ఇక్కడ కూడా చెబుతున్నాను.

క్లాసులో 38 మంది ఉన్నారు. వెళ్తున్నది 36 మంది. ఒకరికి ఊళ్లో పెళ్లి ఉంది, ఇంకొకరికి అమ్మవారు పోసి ఇప్పుడిప్పుడే తగ్గుతోంది. ఆ ఇద్దరూ ముందే కట్టేశారు కనుక ఎవరి 650 వాళ్లకు తిరిగి ఇచ్చేశాం. పైన చెప్పిన మొత్తంలో ఆ డబ్బు లేదు.

36 మందికి తలా 650 చొప్పున 23,400 రావాలి కదా, 700 తక్కువ ఎందుకు వచ్చింది అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. జనవరి 19న ఫీజు సంగతి చెప్పినప్పుడే, కట్టలేని వాళ్లు కట్టగలిగినంత ఇవ్వండి, ఏ బిడ్డా ఆగిపోకూడదు అని చెప్పాను. కొందరు పూర్తిగా కట్టారు. కొందరు కొంతే ఇచ్చారు. ఇంకొందరు అడగకుండానే ఎక్కువ ఇచ్చి, మా పేరు చెప్పొద్దన్నారు. అన్నీ కలిపితే తేడా 700 దగ్గర ఆగింది. ఈ 700 మళ్లీ ఎవరినీ అడగబోవడం లేదు. బస్సుకు మొదట 14,500 అన్నారు, ఆ లెక్కనే 650 పెట్టాం. మాట్లాడితే 13,500కి ఒప్పుకున్నారు. దాంతో లోటు తీరిపోయింది.

ఇక్కడ మీతో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పోయిన గురువారం భోజనాల టైములో ఒక పాప పక్కనున్న పాపను ‘మీ ఇంట్లో పూర్తిగా కట్టారా, సగమేనా’ అని అడిగింది. ఆ పాప అన్నం డబ్బా మూసేసింది. అడిగిన పాపలో తప్పేమీ లేదు, ఎక్కడో విన్న మాటే అడిగింది. ఎవరు ఎంత ఇచ్చారన్న పుస్తకం నా దగ్గరా, హెడ్‌మిస్ట్రెస్ గారి దగ్గరా తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. దయచేసి ఇంట్లో పిల్లల ముందు ఈ ఊహలు మాట్లాడకండి. శనివారం బస్సు ఎక్కేది 36 మంది పిల్లలు, అంతే. కిటికీ సీటు ఎవరికన్నది చీటీలు వేసి తీస్తాం.

డబ్బు ఇలా ఖర్చవుతుంది. బస్సుకు డ్రైవర్ బత్తా, పార్కింగుతో కలిపి 13,500. ఇందులో 3,000 అడ్వాన్స్ ఇచ్చి రసీదు తీసుకున్నాం. రెండు చోట్లా టిక్కెట్లకు 2,900 పక్కన పెట్టాం. మధ్యాహ్నం భోజనం సాంబారన్నం, పెరుగన్నం, ఉర్లగడ్డ వేపుడు: పిల్లలు 36 మందికి తలా 120 చొప్పున 4,320. వెంట వచ్చే ఇద్దరు టీచర్లు, ఇద్దరు తల్లులు మా భోజనం డబ్బులు మేమే పెట్టుకుంటున్నాం. మంచినీళ్లు, బిస్కెట్లు, అరటిపండ్లకు 900. మెడలో వేసే గుర్తింపు కార్డులకూ మందుల పెట్టెకూ 400. మొత్తం 22,020 అవుతుంది. 680 మిగులుతుంది. దారిలో అవసరం పడితే వాడతాం, లేకపోతే ఆ డబ్బుతో మన క్లాసు గూటికి తెలుగు కథల పుస్తకాలు కొందామని నా ఆలోచన. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి, అప్పుడు సమానంగా పంచేస్తాం.

బీచ్ దగ్గరుండగా, వండలూరు జూ ఉండగా మ్యూజియం ఎందుకు అని ఇద్దరు ముగ్గురు అడిగారు. జూకు చాలామంది పిల్లలు ఇంట్లోవాళ్లతో వెళ్లి వచ్చారు. ఎగ్మూరు మ్యూజియం 1851లో మొదలైంది. అక్కడ మన అమరావతి స్తూపం శిల్పాలు ఉన్నాయి. కృష్ణ ఒడ్డున, గుంటూరు సీమలో చెక్కిన పాలరాతి లాంటి సున్నపురాళ్లు అవి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే దొర తవ్వించి మద్రాసుకు పంపించాడు. కొన్ని ఇక్కడ ఉండిపోయాయి, చాలా లండన్ వెళ్లిపోయాయి. మదమెక్కి వీధిలో పరిగెత్తే నలగిరి ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లే గుండ్రటి శిల్పం ఇక్కడిదే. ఒకే రాతిలో ముందు జరిగిందీ తర్వాత జరిగిందీ పక్కపక్కనే చెక్కారు, పిల్లలు బొమ్మల కథలా చదువుకోవచ్చు. మన పిల్లలు చెన్నైలో పుట్టి పెరిగారు, తమ భాష మాట్లాడే ఊళ్ల నుంచి వచ్చిన రాళ్లు బస్సులో అరగంట దూరంలో ఉన్నాయని వాళ్లకు తెలియాలని నాకు ఎప్పటి నుంచో ఉంది. కిందటి వారం నుంచి క్లాసులో ఆ ఏనుగు కథే చెప్పుకుంటున్నాం. ఇంట్లో అడిగి చూడండి, చెబుతారు.

ప్లానెటోరియంలో తమిళం షో చూస్తాం. మన పిల్లలకు తమిళం ఇబ్బంది కాదు. లోపల పూర్తిగా చీకటిగా ఉంటుంది. చీకటంటే భయపడే పిల్లలుంటే నాకు ముందే చెప్పండి, నా పక్కన కూర్చోబెట్టుకుంటాను.

శనివారం ఉదయం 8 గంటలకల్లా యూనిఫాంలో గేటు దగ్గర ఉండాలి. సాయంత్రం 5 గంటలకు తిరిగి వస్తాం. చేతికి డబ్బు ఇచ్చి పంపకండి. బస్సులో వాంతి అయ్యే అలవాటు ఉంటే, రోజూ వేసుకునే మందులుంటే డైరీలో రాయండి.

లెక్క పుస్తకం, బస్సు రసీదు చూడాలనుకునేవాళ్లు ఈ శుక్రవారం వరకు రోజూ బడి విడిచాక 4.30 దాకా స్టాఫ్ రూముకి రావచ్చు. మీ ఇంటి పేజీ మీకు చూపిస్తాను, ఇంకొకరిది చూపించను. ట్రిప్ అయ్యాక, సోమవారం 9వ తేదీన, బిల్లులన్నీ కలిపి అసలు ఖర్చు ఎంతయిందో మళ్లీ రాసి పంపుతాను.

దీనికి జత చేసిన అనుమతి చీటీ మీద సంతకం చేసి, మీ ఫోన్ నంబరు రాసి గురువారం లోపు పిల్లల చేతికి ఇచ్చి పంపండి. చీటీ లేకుండా బస్సు ఎక్కించడానికి నాకు వీలు లేదు. ఇప్పటికి 21 అందాయి, ఇంకా 15 రావాలి.

ఇట్లు
మీ పిల్లల క్లాస్ టీచర్
4వ తరగతి, ఏ సెక్షన్