స్టాటిస్టిక్స్ ఫైనల్‌కి వారం రోజుల రివిజన్ ప్లాన్

మూడో సెమిస్టర్ విద్యార్థులకు,

పరీక్ష నవంబర్ 24, సోమవారం ఉదయం 10 గంటలకు. మూడు గంటలు, 70 మార్కులు. చేత్తో రాసుకున్న ఏ4 కాగితం ఒకటి, రెండు వైపులా నింపి, హాల్లోకి తెచ్చుకోవచ్చు. z, t, కై-స్క్వేర్ టేబుళ్లు మేమే ఇస్తాం. అంటే ఫార్ములాలు బట్టీ పట్టాల్సిన పని లేదు. లెక్క చదవగానే ఇది ఏ రకం అని తేల్చుకోవడమే ఈ వారం చేయాల్సిన పని. పేపర్లు దిద్దేటప్పుడు మాకు ఎక్కువగా కనిపించేవి కూడికల తప్పులు కావు. లెక్కంతా శుభ్రంగా చేసి ఉంటుంది, ఎత్తుకున్న ఫార్ములానే వేరేది.

సోమవారం 17: ఫార్ములా షీటు

షీటు ఈ రోజే రాయండి, ఆదివారం దాకా ఆగొద్దు. మొదటి ప్రతి పెన్సిల్‌తో చాలు. వారమంతా లెక్కలు చేస్తుంటే ఏది అక్కర్లేదో, ఏది మిస్సయిందో అదే తెలుస్తుంది. స్నేహితుడి షీటు జిరాక్స్ తీసుకోవద్దు. హాల్లో దాంట్లో వెతుక్కోవడానికే టైమ్ సరిపోతుంది. కనీసం ఇవి ఉండాలి:

```
s² = Σ(x − x̄)² / (n − 1)
P(B|D) = P(D|B)·P(B) / P(D)
P(X = x) = nCx · p^x · (1 − p)^(n − x)
P(X = x) = e^(−λ) · λ^x / x!
z = (x − μ) / σ
z = (x̄ − μ) / (σ/√n)
t = (x̄ − μ0) / (s/√n),  df = n − 1
z = (p̂ − p0) / √(p0(1 − p0)/n)
b_yx = r · s_y / s_x
χ² = Σ(O − E)² / E,  df = (r − 1)(c − 1)
```

ప్రతి ఫార్ములా పక్కనా అది ఎప్పుడు వాడాలో నాలుగు ముక్కల్లో తెలుగులోనే రాసుకోండి. 'σ ఇచ్చాడు' అంటే z, 's మాత్రమే ఉంది, n చిన్నది' అంటే t. ఆ నాలుగు ముక్కలే మార్కులు తెచ్చేవి. నిర్వచనాలతో షీటు నింపొద్దు, వాటికి చోటు దండగ.

మంగళవారం 18: మీన్, మీడియన్, ఎస్‌డీ

పొద్దున ఒక గంట చాలు. 4, 8, 6, 5, 7 తీసుకోండి. మీన్ 6, డీవియేషన్ల వర్గాల మొత్తం 10. శాంపిల్ అంటే 4తో భాగించాలి, వేరియన్స్ 2.5. మొత్తం పాపులేషన్ ఇదే అంటే 5తో, అప్పుడు 2. కాలిక్యులేటర్ చూపించేది వీటి వర్గమూలం, అంటే ఎస్‌డీ. sx, σx అని రెండు కనిపిస్తాయి, మొదటిది శాంపిల్‌ది. ఈ ఐదు అంకెలే వేసి మీ కాలిక్యులేటర్ ఏం చూపిస్తుందో సరిచూసుకోండి. సాయంత్రం గ్రూప్‌డ్ డేటా లెక్క ఒకటి.

బుధవారం 19: ప్రాబబిలిటీ, డిస్ట్రిబ్యూషన్లు

బేయిస్ లెక్క వస్తే చాలామందికి టెన్షన్. ఫార్ములా పక్కన పెట్టి వెయ్యి వస్తువులు ఊహించుకోండి. ఎ మెషీన్ 60 శాతం బల్బులు చేస్తుంది, అందులో 2 శాతం పాడు. బి 40 శాతం చేస్తుంది, 5 శాతం పాడు. వెయ్యిలో ఎ నుంచి 600, పాడైనవి 12. బి నుంచి 400, పాడైనవి 20. పాడైన బల్బు ఒకటి చేతికొస్తే అది బి నుంచి వచ్చే అవకాశం 20/32, అంటే 0.625. జవాబుగా ఇదే పద్ధతి రాసినా పూర్తి మార్కులు ఇస్తాం.

డిస్ట్రిబ్యూషన్ ఏదో ప్రశ్నలోని మాటలే చెప్తాయి. ఇన్ని ప్రయత్నాల్లో ఎన్ని అంటే బైనామియల్. గంటకి ఇన్ని ఫోన్‌కాల్స్, పేజీకి ఇన్ని తప్పులు అంటే పాయిజాన్. 'కనీసం ఒకటి' అని కనిపిస్తే వెంటనే 1 − P(X = 0). n = 10, p = 0.2 అయితే 1 − 0.8^10 = 0.8926. ఒకటి నుంచి పది దాకా అన్నీ కూడుతూ పేజీ నింపేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

నార్మల్‌లో ఒక చిక్కు ఉంది. మేమిచ్చే టేబుల్ 0 నుంచి z వరకు ఉన్న ఏరియా ఇస్తుంది. μ = 60, σ = 8 ఉంటే 72 కంటే ఎక్కువకి z = 1.5, టేబుల్‌లో 0.4332. జవాబు అది కాదు, 0.5 − 0.4332 = 0.0668. ప్రతిసారీ గంట బొమ్మ గీసి కావాల్సిన భాగం షేడ్ చేయండి.

గురువారం 20, శుక్రవారం 21: ఇంటర్వెల్స్, టెస్టులు

పేపర్‌లో దాదాపు సగం ఇక్కడిదే, అందుకే రెండు రోజులు. ముందు ఒక్క మనిషికీ సగటుకీ తేడా పట్టుకోండి. పై లెక్కలోనే ఒక విద్యార్థి మార్కు 62 దాటే అవకాశం 0.4013. 16 మంది సగటు 62 దాటే అవకాశం 0.1587. రెండోదాంట్లో 8 బదులు 8/√16 = 2 వచ్చింది, అంతే. ప్రశ్నలో 'సగటు' అన్న మాట కింద గీత గీసే అలవాటు చేసుకోండి.

ఇప్పుడు ఈ లెక్క చేయండి. పాల ప్యాకెట్ మీద 500 మి.లీ. అని ఉంది. 16 ప్యాకెట్లు కొలిస్తే సగటు 496, s = 8. t = (496 − 500)/2 = −2.

సగటు 500 కాదా అని అడిగితే రెండు వైపుల టెస్టు. df 15, 5 శాతం దగ్గర టేబుల్ విలువ 2.131. మనది 2 మాత్రమే, H0ని తిరస్కరించలేం. పొరపాటున z టేబుల్‌కి వెళ్తే 1.96, తిరస్కరించేస్తాం. 500 కంటే తక్కువా అని అడిగితే ఒక వైపు టెస్టు, విలువ 1.753, ఇక్కడ తిరస్కరించాలి. అవే ప్యాకెట్లు, అదే −2, కానీ ప్రశ్న మారితే తీర్పు మారింది. అందుకే H1 రాయకుండా టేబుల్ ముట్టుకోవద్దు. H0, H1 సరిగ్గా రాస్తేనే రెండు మార్కులు.

అదే డేటాకి 95 శాతం ఇంటర్వెల్ 496 ± 2.131 × 2, అంటే 491.74 నుంచి 500.26. 500 లోపలే ఉంది, రెండు వైపుల టెస్టు చెప్పిందే ఇదీ చెప్తోంది. టైమ్ ఉంటే హాల్లో ఇలా సరిచూసుకోవచ్చు. (ఈ t టేబుల్‌కి మూలం 1908లో 'స్టూడెంట్' పేరుతో వచ్చిన వ్యాసం. రాసింది గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసే గాసెట్. చిన్న శాంపిళ్లతోనే నిర్ణయాలు తీసుకోవాల్సిన ఉద్యోగం ఆయనది.)

చివరి వాక్యం మర్చిపోవద్దు. 'H0 నిజమని రుజువైంది' అని రాస్తే మార్కు పోతుంది. 'సగటు 500 కాదని చెప్పడానికి తగిన ఆధారం లేదు' అని రాయండి.

శనివారం 22: కోరిలేషన్, రిగ్రెషన్, కై-స్క్వేర్

రెండు రిగ్రెషన్ కోఎఫిషియెంట్లు 0.8, 0.45 అయితే లబ్ధం 0.36, r = 0.6. రెండూ నెగెటివ్ అయితే r కూడా నెగెటివ్, వర్గమూలం తీశాక గుర్తు పెట్టడం మరవొద్దు. లబ్ధం 1 దాటిందంటే ఏ లైన్ దేనిదో తారుమారయినట్టే, మార్చి చూడండి. కై-స్క్వేర్‌లో ప్రతి గడికీ E అంటే ఆ వరుస మొత్తం × ఆ నిలువు మొత్తం / అన్నిటి మొత్తం. 2×2కి df 1, 5 శాతం విలువ 3.841. శాతాలు వాడొద్దు, లెక్కించిన సంఖ్యలే వేయాలి.

మధ్యాహ్నం 3 నుంచి 5 దాకా స్టాఫ్ రూమ్‌లో ఉంటాను. డౌట్ ఉన్నవాళ్లు చేసిన లెక్కతో రండి, 'ఈ చాప్టర్ మొత్తం అర్థం కాలేదు సార్' అని కాదు.

ఆదివారం 23: పాత పేపర్, ఫెయిర్ షీటు

ఉదయం 10కి కూర్చుని గత ఏడాది పేపర్ మూడు గంటల్లో, మీ షీటు, టేబుళ్లతో మాత్రమే చేయండి. షీటులో వెతకాల్సి వచ్చిన చోటల్లా టిక్కు పెట్టండి. సాయంత్రం ఫెయిర్ కాపీ రాసేటప్పుడు ఆ టిక్కులున్నవి పైకి వస్తాయి, అసలు చూడనివి పోతాయి. కొత్త చాప్టర్ ఏదీ ముట్టుకోవద్దు. హాల్ టికెట్, కాలిక్యులేటర్, స్కేలు, షీటు బ్యాగులో పెట్టేయండి. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉందంటే ఇన్విజిలేటర్లు ఒప్పుకోరు. 9:45కల్లా హాల్లో ఉండాలి.